రక్తం వాంతి కాకముందే బ్యాండింగ్ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 57 ఏళ్లు, లివర్ సిర్రోసిస్. ఎండోస్కోపీ చేసి "అన్నవాహికలో పెద్ద వేరిసెస్ ఉన్నాయి, వాటి మీద ఎర్ర మచ్చలు కూడా ఉన్నాయి, బ్యాండింగ్ చేయించండి" అన్నారు. ఆస్తమా ఉంది కాబట్టి ఒత్తిడి తగ్గించే మాత్రలు కుదరవట. ఇంతవరకు ఒక్కసారి కూడా రక్తం వాంతి కాలేదు, మనిషి మామూలుగానే తిరుగుతున్నారు. రక్తం పడితే అప్పుడు చేయించుకోవచ్చు కదా?

జవాబు:

ఆగకండి. ఈ వారం పది రోజుల్లోనే చేయించండి. వేరిసెస్ అంటే ఉబ్బిపోయిన సిరలు, బ్యాండింగ్ అంటే వాటికి చిన్న రబ్బరు బ్యాండ్లు బిగించడం. పెద్ద వేరిసెస్, పైన ఎర్ర మచ్చలు, మాత్ర వాడే వీలు లేకపోవడం, ఈ మూడూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు బ్యాండింగ్ చేయాలా వద్దా అన్న సందేహమే ఉండదు. "మొదటిసారి రక్తం పడ్డాక చూద్దాం" అనుకోవడంలో చిక్కేమిటంటే, ఆ మొదటిసారే చాలామందికి ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడున్న మంచి వైద్యం అందినా, ఇలా రక్తస్రావమైన వందమందిలో 15 నుంచి 20 మంది ఆరు వారాలలోపే చనిపోతున్నారు. ప్రశాంతంగా ఒక ఉదయం పరగడుపున వచ్చి బ్యాండ్లు వేయించుకుంటే పావుగంట, ఇరవై నిమిషాల పని. అదే పని రక్తం చిమ్ముతున్నప్పుడు చేయాలంటే, కెమెరా ముందు ఎరుపు తప్ప ఏమీ కనపడని స్థితిలో చేయాలి.

మనిషి బాగానే తిరుగుతున్నారు అన్నారు. అది మంచిదే, కానీ వేరిసెస్ విషయంలో దాన్ని లెక్కలోకి తీసుకోలేం. అవి నొప్పి పుట్టించవు, మంట పుట్టించవు, మింగడానికి అడ్డు రావు. పగిలే ముందు రోజు వరకూ ఏ కబురూ ఉండదు.

అవి ఎందుకు ఉబ్బుతాయో కొంచెం చెప్తాను. మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. పేగులు, ప్లీహం నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర అనే పెద్ద నాళంలో చేరి కాలేయం గుండా గుండెకి వెళ్తుంది. సిర్రోసిస్‌లో కాలేయం మచ్చకట్టి గట్టిపడుతుంది, రక్తం దూరడానికి దారి ఇవ్వదు. దాంతో వెనకాల ఒత్తిడి పెరుగుతుంది. కాలేయానికి ఇటూ అటూ ఉండే ఒత్తిడి తేడా మామూలుగా 5 మిల్లీమీటర్ల పాదరసం లోపే ఉంటుంది. అది 10కి చేరితే వేరిసెస్ పుట్టుకొస్తాయి, 12 దాటితే అవి పగిలే అవకాశం మొదలవుతుంది. ముందుకు పోలేని రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. అందులో ఒక దారి జీర్ణాశయం పైభాగం మీదుగా అన్నవాహిక సిరల్లోకి వెళ్తుంది. సన్నటి ధార పారాల్సిన పిల్లకాలువలోకి ఏరు మళ్లినట్టు అవుతుంది.

అన్నవాహిక పొడవునా సిరలు ఉన్నా, పగిలేది మాత్రం దాదాపు ఎప్పుడూ అడుగున, జీర్ణాశయంలో కలిసే చోటుకి నాలుగైదు సెంటీమీటర్ల లోపలే. పైభాగంలో సిరలు గోడ లోపలి పొరల్లో దాగి ఉంటాయి, చుట్టూ కండ ఆసరా ఉంటుంది. అడుగున మాత్రం అవి పైకి తేలి, పల్చటి లోపలి పొరకి సరిగ్గా కిందకి వచ్చేస్తాయి. ఉబ్బేకొద్దీ సిర గోడ పల్చబడుతుంది, పల్చబడేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. బెలూన్ ఊదేటప్పుడు చూస్తాం కదా, మొదట గట్టిగా ఉన్నది చివర్లో తేలిగ్గా సాగిపోతుంది, అలాగే. ఎండోస్కోపీలో ఇవి నీలిరంగు తాళ్లలా, మూడు నాలుగు వరసల్లో కిందనుంచి పైకి పాకుతూ కనిపిస్తాయి. వాటి మీద కొరడా దెబ్బల్లాంటి ఎర్ర గీతలో, ఎర్ర చుక్కలో ఉంటే అక్కడ గోడ బాగా పల్చబడిందని అర్థం. మీ నాన్నగారి రిపోర్టులో రాసిన ఎర్ర మచ్చలు అవే. గట్టి పదార్థం తింటే గీసుకుని పగులుతాయని చాలామంది భయపడతారు. అసలు కారణం అది కాదు, లోపలి ఒత్తిడి.

ఇక రక్తం వాంతి సంగతి. ఎందుకంత అత్యవసరమో ఒక ఉదాహరణతో చెప్తాను, ఇలాంటి కేసులు ఇంచుమించు ఇలాగే నడుస్తాయి.

మీ నాన్నగారి వయసే ఉన్న ఒకాయన అనుకోండి. రాత్రి 11 గంటలకి కడుపులో తిప్పినట్టై ఒక గ్లాసుడు ఎర్రటి రక్తం గడ్డలతో సహా వాంతి అయింది. అయ్యాక కడుపు తేలికపడింది. ఇంట్లో బీపీ మిషన్ పెట్టి చూస్తే 110/70, నాడి 104. "ఆగిపోయింది కదా, పొద్దున్నే వెళ్దాం" అని పడుకోబెట్టారు. రాత్రి 3 గంటలకి దొడ్డికి వెళ్తే మలం తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో అయింది. లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయారు. 5 గంటలకి రెండో వాంతి. ఆసుపత్రికి చేరేసరికి పై బీపీ 80, నాడి 130, హిమోగ్లోబిన్ 6.8. మాట తడబడుతోంది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తున్నారు. ఎండోస్కోపీ చేయాలంటే ముందు గొంతులో శ్వాసగొట్టం వేయాల్సి వచ్చింది.

ఆ ఆరు గంటల్లో లోపల ఏం జరిగింది? 11 గంటలకి రక్తం పోగానే సిరలో ఒత్తిడి తగ్గింది, చిల్లు మీద చిన్న మెత్తటి గడ్డ కట్టింది. ఎండోస్కోపీలో అది తెల్లటి మొటిమలా కనిపిస్తుంది. సగానికి దగ్గరగా రక్తస్రావాలు ఇలా తమంతట తాము ఆగుతాయి. కానీ ఆగడం వేరు, మానడం వేరు. శరీరం పోయిన నీటిని భర్తీ చేసుకునేకొద్దీ సిరలో ఒత్తిడి మళ్లీ ఎక్కుతుంది, ఆ గడ్డ బిరడాలా ఊడిపోతుంది. సిర్రోసిస్‌లో ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి, గడ్డకట్టించే పదార్థాలు తయారయ్యేది కూడా ఆ చెడిపోయిన కాలేయంలోనే. అందుకే మళ్లీ రక్తం పడే ముప్పు మొదటి ఐదు రోజుల్లో, అందులోనూ మొదటి రెండు మూడు రోజుల్లో ఎక్కువ.

బయటికి వచ్చిన గ్లాసుడు చూసి అంచనా వేయడం కూడా పొరపాటే. దానికి ఎన్నో రెట్లు జీర్ణాశయంలోకి, పేగుల్లోకి దిగిపోయి ఉండొచ్చు, అదే తర్వాత నల్ల మలంగా వస్తుంది. పేగుల్లో ఆ రక్తం కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దాన్ని వడగట్టలేని కాలేయం మెదడు దాకా పోనిస్తుంది. మాట తడబడటం, మగత అందుకే. మగతలో ఉన్న మనిషికి మళ్లీ వాంతైతే రక్తం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బీపీ పడిపోతే కాలేయానికీ మూత్రపిండాలకీ రక్తం అందదు. చాలామంది చనిపోయేది కేవలం రక్తం కారిపోయి కాదు, ఇలా ఒకదాని వెంట ఒకటి దెబ్బతిని.

ఇంకో మోసం హిమోగ్లోబిన్‌ది. 11:30కే పరీక్ష చేసి ఉంటే అది దాదాపు పాత అంకెనే చూపించేది. రక్తం పోయేటప్పుడు కణాలూ ద్రవమూ కలిసే పోతాయి కాబట్టి చిక్కదనం మారదు, కొన్ని గంటల తర్వాత ద్రవం నిండాకే అంకె పడుతుంది. "హిమోగ్లోబిన్ బాగానే ఉంది, ఇంటికెళ్లండి" అని ఎవరైనా అంటే సిర్రోసిస్ సంగతి, వేరిసెస్ సంగతి గట్టిగా చెప్పి ఆసుపత్రిలోనే ఉండండి.

కాబట్టి ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పిపెట్టండి. రక్తం వాంతైనా, కాఫీ మడ్డిలాంటి ముదురు వాంతైనా, తారులాంటి నల్ల మలమైనా, ఒక్కసారే అయినా, ఆగిపోయినా, అప్పటికప్పుడే అంబులెన్స్ పిలవాలి. అది వచ్చేలోగా మనిషిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో రక్తం ఉంటే బయటికి కారనివ్వండి. తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వొద్దు, అసిడిటీ మందు కూడా. లేపి నడిపించొద్దు. ఎండోస్కోపీ చేసి బ్యాండింగ్ వేయగలిగే ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని ఉంచండి. ఆ సౌకర్యం లేనిచోటికి వెళ్లి అక్కడినుంచి ఇంకోచోటికి మారడంలోనే విలువైన గంటలు పోతాయి. ఐరన్ మాత్రలు వాడేవారికి మలం నల్లగా రావడం మామూలే, కానీ అది గట్టిగా ఉంటుంది, ఆ జిగురు, ఆ కంపు ఉండవు. తేడా తెలియకపోతే రక్తమనే అనుకుని వెళ్లండి.

ఆసుపత్రిలో ఎండోస్కోపీ కంటే ముందే, అనుమానం మీదే, పేగుల వైపు రక్తప్రవాహాన్ని తగ్గించే ఇంజెక్షన్ మొదలుపెడతారు. టెర్లిప్రెసిన్ గానీ, ఆక్ట్రియోటైడ్ గానీ. దాన్ని రెండు నుంచి ఐదు రోజులు కొనసాగిస్తారు. దాంతోపాటు యాంటీబయాటిక్, ఎక్కువగా సెఫ్‌ట్రియాక్సోన్ రోజుకి ఒక గ్రాము. "రక్తం పోతుంటే యాంటీబయాటిక్ ఎందుకు?" అని అడుగుతుంటారు. సిర్రోసిస్ మనిషికి రక్తస్రావం కాగానే పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి దూరుతుంది, ఆ ఇన్ఫెక్షన్ మళ్లీ రక్తస్రావాన్ని రేపుతుంది. ఈ మందు వల్ల ప్రాణాలు దక్కడం స్పష్టంగా తేలిన విషయం. బీపీ కాస్త నిలబడ్డాక, వచ్చిన 12 గంటలలోపు ఎండోస్కోపీ చేస్తారు.

ఒక్క మాట ఇక్కడ బంధువుల కోసం. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితేనే రక్తం ఎక్కించి, 7, 8 మధ్య ఉంచడం సరైన పద్ధతి. ధారగా పోతున్నప్పుడో, గుండెజబ్బు ఉన్నప్పుడో లెక్క మారుతుంది. "ఇంకో రెండు బాటిళ్లు ఎక్కించండి, నీరసంగా ఉన్నారు" అని పట్టుబట్టకండి. ఎక్కువ ఎక్కిస్తే పోర్టల్ ఒత్తిడి పెరిగి అదే సిర మళ్లీ తెరుచుకుంటుంది.

బ్యాండింగ్ ఎలా చేస్తారంటే, పైల్స్‌కి రబ్బరు బ్యాండ్ వేసే పద్ధతినే 1980లలో అన్నవాహికకి తెచ్చారు. ఎండోస్కోప్ కొసకి పారదర్శకమైన చిన్న మూత తొడుగుతారు. దాని చుట్టూ ఆరేడు చిన్న రబ్బరు బ్యాండ్లు సాగదీసి ఎక్కించి ఉంటాయి. వాటికి కట్టిన దారం ఎండోస్కోప్ లోపలినుంచి బయట డాక్టరు చేతి దగ్గరున్న చక్రానికి వస్తుంది. మూతని వేరిక్స్ మీద ఆనించి గాలి లాగితే, ఆ ఉబ్బిన సిర పై పొరతో సహా మూతలోకి వస్తుంది. తెర మొత్తం ఎర్రబడేదాకా లాగుతారు, అప్పుడు చక్రం తిప్పితే బ్యాండ్ జారి దాని మొదట్లో బిగుసుకుంటుంది. వెనక్కి జరిగి చూస్తే చిన్న నేరేడు పండులా ముదురు ఊదారంగు బుడిపె కనిపిస్తుంది.

తెర పూర్తిగా ఎర్రబడకుండా తొందరపడి వదిలితే సిర సగమే చిక్కుతుంది. ఆ బ్యాండ్ వేళకి ముందే ఊడిపోతుంది, కింద పుండు మిగులుతుంది, లోపల సిర తెరిచే ఉంటుంది. బ్యాండింగ్ చేశాక రక్తం పడటానికి ఇది ఒక కారణం. అలాగే మొదటి బ్యాండ్ ఎప్పుడూ అడుగున, జీర్ణాశయం కలిసే చోట వేసి, మెలికలు తిరుగుతూ పైకి వస్తారు. రక్తం కిందనుంచి పైకి పారుతోంది కాబట్టి ముందు కింద కట్టేయాలి. పైన ముందు వేస్తే ఆ బుడిపెలే అడ్డుపడి కిందకి పోలేం. ఒకే ఎత్తులో చుట్టూ వలయంలా వేయరు, అలా వేస్తే మానాక ఆ చోటు బిగుసుకుపోవచ్చు. ఒక్క విడతలో సాధారణంగా ఐదారు బ్యాండ్లు పడతాయి. మత్తు ఇస్తారు కాబట్టి ఆ సమయంలో బాధ తెలియదు.

బ్యాండ్ పడిన క్షణంలోనే ఆ ముక్కలో రక్తం ఆగుతుంది. ఒకటి రెండు రోజుల్లో లోపల గడ్డకడుతుంది. మూడు నుంచి ఏడు రోజుల మధ్య ఆ బుడిపె చచ్చి, బ్యాండ్‌తో సహా రాలి మలంలో పోతుంది, మీరు గమనించరు కూడా. రాలిన చోట చిన్న పైపై పుండు మిగులుతుంది. రెండు మూడు వారాల్లో అది మచ్చగా మానుతుంది. పై పొరని లోపలి కండకి అతికించే ఆ మచ్చే మనకి కావలసింది, ఇక అక్కడ సిర పైకి తేలడానికి చోటుండదు.

జాగ్రత్తగా ఉండాల్సింది ఐదో రోజు నుంచి రెండో వారం చివరిదాకా. బ్యాండ్ రాలి, పుండు ఇంకా పచ్చిగా ఉండే రోజులవి. వందలో కొద్దిమందికి ఆ పుండు నుంచే రక్తం పడుతుంది. కాలేయం బాగా దెబ్బతిన్నవారిలో, రక్తస్రావం మధ్యలో బ్యాండ్ వేసినవారిలో ఈ ముప్పు ఎక్కువ. మీ నాన్నగారికి ముందే, తీరిగ్గా చేయించమనడానికి ఇదీ ఒక కారణం. ఆ రెండు వారాలూ దూర ప్రయాణాలు పెట్టుకోవద్దు, బరువులు ఎత్తించొద్దు, ముక్కి కూర్చునేంత మలబద్ధకం రానివ్వొద్దు. పుండు త్వరగా మానడానికి పాంటోప్రజోల్ లాంటి మాత్ర కొన్నాళ్లు రాస్తారు. డాక్టరు చెప్పిన రోజులు అయ్యాక ఆపేయండి. సిర్రోసిస్‌లో దాన్ని నెలల తరబడి మింగితే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి.

మొదటి రోజు ద్రవాలు, తర్వాత నాలుగైదు రోజులు మెత్తటివి, వేడి తగ్గినవి తీసుకుంటే చాలు. ఛాతీ మధ్యలో నొప్పి, మింగేటప్పుడు పట్టేసినట్టు ఉండటం ఒకటి రెండు రోజులు మామూలే. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చు, రోజు మొత్తానికి 2 గ్రాములు దాటకుండా. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, యాస్ప్రిన్ లాంటి నొప్పి మాత్రలు ఇంట్లో కూడా ఉంచొద్దు. ఇవి పుండుని రేపుతాయి, మూత్రపిండాలని దెబ్బతీస్తాయి. లాలాజలం కూడా మింగలేకపోయినా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించాలి.

ఇక ఎక్కువమంది తప్పటడుగు వేసే చోటు. ఒక్కసారి బ్యాండింగ్‌తో పని పూర్తి కాదు. మొదటి విడతలో కట్టినవి ఐదారు చోట్లే, మిగతా సిరల్లో రక్తం ఇంకా పారుతూనే ఉంటుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి మళ్లీ చూసి, మూతలోకి లాగడానికి కూడా దొరకనంత చిన్నవయ్యేదాకా వేయాలి. చాలామందికి రెండు నుంచి నాలుగు విడతలు పడతాయి. ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకి ఒకసారి, అక్కడినుంచి ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి ఎండోస్కోపీ. ఎందుకంటే బ్యాండ్ సిరని మూసింది గానీ, వెనకున్న ఒత్తిడిని ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించలేదు. కొన్నాళ్లకి రక్తం కొత్త దారులు తెరుచుకుంటుంది. జీర్ణాశయం పై గుమ్మటంలో వచ్చే వేరిసెస్‌కి బ్యాండ్ పనికిరాదు, అక్కడ జిగురు మందు ఎక్కిస్తారు. రిపోర్టులో వాటి గురించి ఏమైనా రాశారేమో ఒకసారి చూడండి.

ఒత్తిడిని తగ్గించే మాత్రలు కార్వెడిలాల్, ప్రొప్రనలాల్. ఆస్తమా ఉన్నవారికి ఇవి శ్వాసనాళాలని బిగించేస్తాయి, కాబట్టి మీకు వద్దన్నది సరైన నిర్ణయమే. "మా మావయ్యకి ఇదే జబ్బు, ఈ మాత్రతో బాగున్నాడు" అని ఎవరైనా తెచ్చిస్తే వేయించకండి. మాత్ర దన్ను లేదు కాబట్టి మీ నాన్నగారి భద్రత మొత్తం బ్యాండింగ్ విడతల మీదే ఉంది, ఒక్క విడత కూడా దాటిపోనివ్వొద్దు. సిర్రోసిస్‌కి కారణం మద్యమైతే పూర్తిగా మానేయడం, హెపటైటిస్ బి అయితే దాని మాత్ర రోజూ వాడటం, హెపటైటిస్ సి అయితే మందులతో నయం చేయించుకోవడం, వీటితో ఒత్తిడి కూడా నెమ్మదిగా తగ్గుతుంది.

మొదటి విడతకి వెళ్లే ముందు మీ డాక్టరుతో రెండు సంగతులు మాట్లాడండి. రక్తం పలచన చేసే మందులు ఏవైనా వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. ప్లేట్‌లెట్లు తక్కువున్నాయని కంగారు పడకండి, సిర్రోసిస్‌లో అది ఉండేదే, ఆ ఒక్క కారణంతో బ్యాండింగ్ ఆపరు.

ఇంటికొచ్చేటప్పుడు రిపోర్టులో తేదీ, ఎన్ని బ్యాండ్లు వేశారు, పళ్ల నుంచి ఎంత దూరంలో వేశారు అన్నది రాసి ఉందో లేదో చూసుకుని ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ఏ అర్ధరాత్రో రక్తం పడి వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే, అక్కడి డాక్టరు ముందు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచి ఎన్ని రోజులైంది అనే. పదో రోజైతే ముందు బ్యాండ్ పుండు మీద అనుమానం పెట్టుకుంటారు, రెండు నెలలైతే కొత్త వేరిక్స్ మీద. ఆ రెండింటికీ లోపల చేయాల్సిన పని వేరు.